243, 300, 450: ఒకే ప్రకటన ఖర్చుకు మూడు లెక్కలు ఎందుకొస్తాయి?

విజయవాడ వన్‌టౌన్‌లో మంగళగిరి చీరలు అమ్మే ఒక చిన్న షాపు ఉందనుకుందాం. షాపుకి సొంత వెబ్‌సైటు ఉంది, ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంది. ఒక నెలలో ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ ప్రకటనల మీద 18,000 రూపాయలు ఖర్చు పెట్టారు. నెలాఖరున ప్రకటనలు చూసుకునే అబ్బాయి రిపోర్టు పంపాడు: "మేడం, ఒక్కో కస్టమర్ 243 రూపాయలకే వచ్చారు." వెబ్‌సైటు ఆర్డర్లు చూసే అమ్మాయి తన లెక్క చెప్పింది: "కాదండీ, 300 పడింది." లెక్కలు రాసే అకౌంటెంటు గారు కళ్లజోడు సర్దుకుని అన్నారు: "అమ్మా, నాకు మాత్రం 450 వస్తోంది."

షాపు నేను ఊహించి చెప్పినదే. కానీ ఈ వాదన ఇవాళ విజయవాడ, గుంటూరుల్లో ఆన్‌లైన్‌లో అమ్మే చాలా చిన్న వ్యాపారాల్లో జరుగుతున్నదే. చీరలే కాదు, పచ్చళ్లయినా, కారప్పొడి అయినా ఇదే గొడవ. ఇందులో విశేషం ఏమిటంటే ముగ్గురూ భాగహారం సరిగ్గానే చేశారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అయినా షాపు నడిపే ఆవిడకి ఈ మూడు అంకెల మధ్య తేడా చిన్నదేమీ కాదు. ఒక చీర అమ్మితే, ప్రకటన ఖర్చు తీయకముందు, ఆవిడకి 440 రూపాయలు మిగులుతాయి. 243 నిజమైతే వ్యాపారం బాగుంది. 450 నిజమైతే కొత్త కస్టమర్ వచ్చిన ప్రతిసారీ పది రూపాయలు పోతున్నాయి.

## అసలు లెక్క ఇంతే

మొదట తేలిక సంగతి. ప్రకటన కింద ఉన్న బటన్ నొక్కి వెబ్‌సైటుకి వస్తే దాన్ని క్లిక్కు అంటారు. పెట్టిన డబ్బుని క్లిక్కుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో క్లిక్కు ధర వస్తుంది. ఈ రంగంలో దాన్ని సీపీసీ అంటారు. క్లిక్ చేసిన నూరుమందిలో ఎంతమంది కొన్నారో అది కొనుగోలు రేటు. దీన్నే కన్వర్షన్ రేటు అంటారు. ఒక్కో కొనుగోలుకి పడిన ప్రకటన ఖర్చుని సీపీఏ అంటారు.

మన షాపు ప్రకటనలకి ఆ నెలలో 3,000 క్లిక్కులు వచ్చాయి. 18,000ని 3,000తో భాగిస్తే క్లిక్కు ధర 6 రూపాయలు. ఆ క్లిక్కుల నుంచి 60 ఆర్డర్లు వచ్చాయి. అంటే కొనుగోలు రేటు 2 శాతం. ఇక సీపీఏ తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి.

```
ఒక్కో ఆర్డరు ఖర్చు = మొత్తం ఖర్చు ÷ ఆర్డర్లు
                = 18,000 ÷ 60 = 300

ఒక్కో ఆర్డరు ఖర్చు = క్లిక్కు ధర ÷ కొనుగోలు రేటు
                = 6 ÷ 0.02 = 300
```

రెండో దారి కొంచెం వింతగా కనిపించినా అందులో ఉన్నది చాలా మామూలు విషయం. 2 శాతం కొంటున్నారంటే ఒక ఆర్డరు రావడానికి సగటున 50 క్లిక్కులు కావాలి. క్లిక్కుకి 6 రూపాయల చొప్పున 50 క్లిక్కులకి 300. వెబ్‌సైటు అమ్మాయి చెప్పిన అంకె ఇదే.

ఈ రెండో దారి ఎందుకు తెలిసి ఉండాలంటే, ఖర్చు తగ్గించడానికి రెండు చోట్ల పట్టు ఉందని అది చూపిస్తుంది. క్లిక్కు ధర 6 నుంచి 4కి తగ్గినా ఆర్డరు ఖర్చు 200 అవుతుంది. క్లిక్కు ధర అలాగే ఉండి, కొనుగోలు రేటు 2 నుంచి 3 శాతానికి పెరిగినా అదే 200 అవుతుంది. కాగితం మీద రెండూ సమానం. కానీ క్లిక్కు ధర చాలా వరకు వేలంపాటలో తేలుతుంది. అదే చీరల కొనుగోలుదారుల కోసం పోటీపడే మిగతా షాపులన్నీ కలిసి దాన్ని పైకి నెడతాయి, పండగల ముందు ఇంకా ఎక్కువగా. కొనుగోలు రేటు మాత్రం ఎక్కువగా షాపు చేతిలో ఉంటుంది. ఫోటోలో రంగు సరిగ్గా ఉందా, పేజీ ఫోనులో త్వరగా తెరుచుకుంటోందా, కొరియర్ ఛార్జీ చివరి మెట్టులో కొత్తగా బయటపడుతోందా అన్నవి అక్కడ పనిచేస్తాయి.

## ఏ క్లిక్కు? ఏ రేటు?

ఇంత తేలిక భాగహారంలో కూడా చాలామంది ఒకే చోట జారిపడతారు. క్లిక్కు ధర ఒక తెర మీద చూస్తారు, కొనుగోలు రేటు ఇంకో తెర మీద చూస్తారు, రెండింటినీ కలిపేస్తారు.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లని నడిపే మెటా కంపెనీ యాడ్స్ మేనేజర్‌లో క్లిక్కులకి ఒకటి కాదు, చాలా కాలమ్‌లు ఉంటాయి. Clicks (all) అనే కాలమ్‌లో ప్రకటన మీద చేసిన అన్ని రకాల నొక్కుళ్లూ పడతాయి. లైక్ కొట్టినా, కామెంటు పెట్టినా, పేజీ పేరు నొక్కి ప్రొఫైల్ చూసినా అందులోకి వస్తుంది. Link clicks అనే కాలమ్‌లో లింకు నొక్కినవి మాత్రమే ఉంటాయి. Landing page views ఇంకా ఇరుకైనది. లింకు నొక్కిన తర్వాత వెబ్‌పేజీ నిజంగా తెరుచుకుంటేనే దాన్ని లెక్కిస్తారు. సిగ్నల్ సరిగా లేక పేజీ వచ్చేలోపు వెనక్కి వెళ్లిపోయినవాళ్లు అందులో ఉండరు.

మన షాపు విషయంలో Clicks (all) 4,500 ఉన్నాయనుకుందాం. Link clicks 3,000. Landing page views 2,400. ఆర్డర్లు ఎలా చూసినా 60.

మొదటి కాలమ్ పట్టుకుంటే క్లిక్కు ధర 4 రూపాయలు, కొనుగోలు రేటు 1.33 శాతం. రెండోది పట్టుకుంటే 6 రూపాయలు, 2 శాతం. మూడోది పట్టుకుంటే 7 రూపాయల 50 పైసలు, 2.5 శాతం. ఈ మూడు జతల్లో దేన్ని భాగించినా జవాబు 300 రూపాయలే. క్లిక్కుని ఎలా నిర్వచించినా ఫరవాలేదు, పైనా కిందా ఒకే నిర్వచనం ఉంటే అది దానంతటదే కొట్టుకుపోతుంది.

తప్పు జరిగేది జతలు మారినప్పుడు. ప్రకటనల రిపోర్టులో "క్లిక్కు 4 రూపాయలే" అని ఉంటుంది. వెబ్‌సైటు అనలిటిక్స్‌లో "వచ్చినవాళ్లలో 2.5 శాతం కొన్నారు" అని ఉంటుంది. రెండూ నిజమే. కానీ 4ని 2.5 శాతంతో భాగిస్తే 160 వస్తుంది. అది ఎక్కడా లేని అంకె. ఆ 4 రూపాయల క్లిక్కుల్లో సగానికి దగ్గరగా వెబ్‌సైటు గడపే తొక్కలేదు, ఆ 2.5 శాతం గడప తొక్కినవాళ్ల గురించి మాత్రమే చెబుతోంది. ఈ పొరపాటు జరిగిందో లేదో కనిపెట్టడం కష్టం కాదు. వచ్చిన జవాబుని ఆర్డర్ల సంఖ్యతో గుణిస్తే పెట్టిన డబ్బు తిరిగి రావాలి. 160ని 60తో గుణిస్తే 9,600. పెట్టింది 18,000. లెక్క ఎక్కడో తెగిందన్నమాట.

## చవక క్లిక్కులు, ఖరీదైన ఆర్డర్లు

ఆ 18,000 రూపాయలు ఒకే ప్రకటనకి పోలేదు. రెండు ప్రకటనలు నడిచాయి. ఒకటి రీలు. మంగళగిరిలో గుంట మగ్గం మీద నేస్తున్న చప్పుడు, నిజాం అంచు దగ్గరగా చూపించే వీడియో, వెనక సంగీతం. చూడటానికి ఎంతో బాగుంది. ఇంకోటి సాదా ఫోటో ప్రకటన. ఆరు చీరలు, ఒక్కోదాని కింద ధర, "ఐదు రోజుల్లో డెలివరీ" అనే మాట.

రీలు మీద 10,000 పెట్టారు. 2,000 క్లిక్కులు వచ్చాయి, ఒక్కోటి 5 రూపాయలు. 20 ఆర్డర్లు వచ్చాయి, అంటే 1 శాతం. ఫోటో ప్రకటన మీద 8,000 పెట్టారు. 1,000 క్లిక్కులే వచ్చాయి, ఒక్కోటి 8 రూపాయలు. కానీ 40 ఆర్డర్లు వచ్చాయి, అంటే 4 శాతం.

క్లిక్కు ధర ఒక్కటే చూస్తే రీలు గెలిచింది. ఆర్డరు ఖర్చు చూస్తే రీలుకి 500, ఫోటోకి 200. ధర ముందే కనిపించడం వల్ల కొనే ఉద్దేశం లేనివాళ్లు ఫోటో ప్రకటనని నొక్కకుండానే దాటిపోయారు. అందుకే క్లిక్కులు తగ్గాయి, ఒక్కో క్లిక్కు ఖరీదైంది. నొక్కినవాళ్లు మాత్రం ధర తెలిసే వచ్చారు. క్లిక్కు ధర పెరగడం ఇక్కడ చెడు లక్షణం కాదు. "క్లిక్కు నాలుగు రూపాయలకే తెప్పిస్తాం" అని ఏజెన్సీలు చెప్పే మాటకి, పక్కన కొనుగోలు రేటు లేకపోతే, నా దృష్టిలో అర్థమే లేదు.

రీలు వైపు నిలబడి మాట్లాడేవాళ్ల వాదన కూడా వినాలి. రీలు చూసినవాళ్లు ఆ రోజు కొనకపోవచ్చు. వారం తర్వాత ఫోటో ప్రకటన కనిపించినప్పుడు "మగ్గం చూపించిన షాపు కదా" అని గుర్తుపట్టి కొని ఉండవచ్చు. అప్పుడు ఆ ఆర్డరు ఫోటో ఖాతాలో పడుతుంది, పని మాత్రం రీలు కూడా చేసింది. ఈ వాదనలో నిజం ఉంది. కాబట్టి 500, 200 అన్నవి రెండు ప్రకటనల బలాబలాల మీద తుది తీర్పులు కావు. రెండు ప్రకటనలకీ కలిపి వచ్చిన 300 మీద మాత్రం ఈ సందేహం పడదు, ఎందుకంటే అక్కడ ఖర్చంతా ఒక వైపు, ఆర్డర్లన్నీ ఇంకో వైపు ఉన్నాయి.

ఆ 300 కూడా జాగ్రత్తగా తీయాలి. 500, 200ల సగటు 350 అవుతుంది, అది తప్పు. రెండు కొనుగోలు రేట్ల సగటు 2.5 శాతం, రెండు క్లిక్కు ధరల సగటు ఆరున్నర రూపాయలు, వాటిని భాగిస్తే 260. అదీ తప్పే. శాతాలనీ సగటులనీ మళ్లీ సగటు చేయకూడదు. రూపాయలని రూపాయలతో, ఆర్డర్లని ఆర్డర్లతో కూడి, చివర్లో ఒక్కసారే భాగించాలి.

## రిపోర్టులో 74, ఆర్డర్ల పుస్తకంలో 60

ఇప్పుడు 243 సంగతి. ప్రకటనల రిపోర్టులో 60కి బదులు 74 కొనుగోళ్లు కనిపించాయి. 18,000ని 74తో భాగిస్తే 243. అదనంగా ఉన్న ఆ 14 ఎక్కడివి?

మెటాలో సాధారణంగా ఉండే సెట్టింగు ప్రకారం, ప్రకటన నొక్కిన ఏడు రోజుల్లోపు కొన్నా, నొక్కకుండా కేవలం ప్రకటన కనిపించిన ఒక రోజులోపు కొన్నా, ఆ కొనుగోలు ప్రకటన వల్లే వచ్చినట్టు లెక్కిస్తారు. దీన్ని అట్రిబ్యూషన్ విండో అంటారు. షాపు అమ్మాయి మాత్రం ప్రకటన లింకు ద్వారా వచ్చి కొన్నవాళ్లనే లెక్కపెట్టింది. కనిపించింది గానీ నొక్కలేదు, తర్వాత వేరే దారిలో వెబ్‌సైటుకి వచ్చి కొన్నారు అన్న బాపతు 14 మంది.

వాళ్లని కలపాలా వద్దా అన్నదాని మీద రెండు న్యాయమైన అభిప్రాయాలున్నాయి. కలపాలనేవాళ్లు, ప్రకటన చూసి నొక్కకుండా తర్వాత గూగుల్‌లో షాపు పేరు వెతుక్కుని కొనేవాళ్లు నిజంగానే ఉంటారని అంటారు. అది నిజం. వద్దనేవాళ్లు, షాపు వాట్సాప్ స్టేటస్ రోజూ చూసే పాత కస్టమర్‌కి కూడా ఈ ప్రకటన కనిపిస్తుందని, ఆవిడ ఎలాగూ కొనేదే అని, ఆ కొనుగోలు ప్రకటన ఖాతాలో వేయడం అన్యాయమని అంటారు. అదీ నిజమే. పైగా అదే కస్టమర్ గూగుల్ ప్రకటన కూడా నొక్కి ఉంటే గూగుల్ కూడా ఆ ఆర్డరు తనదే అంటుంది. రెండు రిపోర్టుల్లోని ఆర్డర్లు కలిపితే షాపు అమ్మిన చీరల కన్నా ఎక్కువ వచ్చే సందర్భాలు అందుకే వస్తాయి.

తప్పు ఒకవైపే ఉండదు. రిపోర్టు తక్కువ చూపించే సందర్భాలు కూడా ఉంటాయి. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ ఐఫోన్లలో మనిషి వేరే యాప్‌లలో, వెబ్‌సైట్లలో ఏం చేస్తున్నారో యాప్‌లు వెంటాడి చూడాలంటే అనుమతి అడగాలనే నియమం తెచ్చింది. అప్పటి నుంచి వద్దన్నవాళ్ల కొనుగోళ్లలో కొన్ని ప్రకటనకి ముడిపడకుండా పోతున్నాయి. మన దగ్గర ఇంకో దారి కూడా ఉంది. ప్రకటన చూసి, వెబ్‌సైటులో ఉన్న నంబరుకి వాట్సాప్‌లో చీర స్క్రీన్‌షాట్ పంపి, "ఇది ఉందా అండీ?" అని అడిగి, ఫోన్‌పేలో డబ్బు కట్టేవాళ్లు. వాళ్లు వెబ్‌సైటు ఆర్డర్లలోనూ కనపడరు, రిపోర్టులోనూ కనపడరు. "ఎక్కడ చూశారండీ మా చీరలు?" అని అడిగి రాసుకున్న షాపులోనే ఆ అంకె దొరుకుతుంది.

ఈ చిక్కుముడి విప్పలేక కొందరు ఇంకో పద్ధతి పట్టుకుంటారు. ఎవరు ఏ దారిలో వచ్చారో వదిలేసి, నెలలో అన్ని ప్రకటనల మీద పెట్టిన మొత్తాన్ని, నెలలో వచ్చిన కొత్త కస్టమర్లందరితో భాగిస్తారు. ఆర్డర్ల పుస్తకం ఒక్కటే ఆధారం కాబట్టి ఎవరూ పెంచి చెప్పలేరు. దీని లోటు ఏమిటంటే, ప్రకటన లేకుండా నోటిమాట మీద వచ్చినవాళ్లు కూడా అందులో కలిసిపోయి ఖర్చు తక్కువగా కనిపిస్తుంది.

## ఆర్డరు పెట్టినవాళ్లందరూ కస్టమర్లు కారు

అకౌంటెంటు గారి 450 ఇక్కడ పుడుతుంది. ఆయన 60తో మొదలుపెట్టారు, 74తో కాదు. ఆ 60 ఆర్డర్లలో 42 క్యాష్ ఆన్ డెలివరీ. మిగతా 18 ముందే డబ్బు కట్టినవి. క్యాష్ ఆన్ డెలివరీలో ఆర్డరు పెట్టడానికి ఒక్క రూపాయి ఖర్చు కాదు. కొరియర్ అబ్బాయి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు, ఫోను ఎత్తరు, లేదా "ఇప్పుడు వద్దులే" అంటారు. పార్శిలు తిరిగి షాపుకొస్తుంది. ఈ వ్యాపారంలో దీన్ని ఆర్‌టీవో అంటారు. మన షాపులో అలా 12 తిరిగొచ్చాయి. చేతికి చేరి డబ్బు వచ్చినవి 48.

ప్రకటనల రిపోర్టు ఇది చూడదు. ఆర్డరు పెట్టి, "ధన్యవాదాలు" అనే పేజీ తెరుచుకున్న క్షణంలోనే అది కొనుగోలుగా నమోదవుతుంది. పది రోజుల తర్వాత పార్శిలు వెనక్కొస్తే ఆ సంగతి ఎవరూ ప్రత్యేకంగా తెలియజేయకపోతే మెటాకి తెలియదు. 18,000ని 48తో భాగిస్తే 375.

ఆ 48లో 8 చీరలు పాత కస్టమర్లు కొన్నవి. పేర్లు, ఫోను నంబర్లు పాత బిల్లులతో సరిపోయాయి. కొత్త కస్టమర్లు 40 మంది. 18,000ని 40తో భాగిస్తే 450.

ఆర్డరు ఖర్చు నుంచి కస్టమర్ ఖర్చుకి రావడం అంటే ఇదే. 300 అన్నది ఒక ఆర్డరు తెప్పించడానికి పడింది. 375 అన్నది ఒక చీర నిజంగా అమ్మడానికి పడింది. 450 అన్నది ఒక కొత్త మనిషిని షాపుకి సంపాదించడానికి పడింది. మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకి జవాబులు.

450 మీద ఒక అభ్యంతరం ఉంది, అది చెప్పుకోదగ్గదే. పాతవాళ్లు కొన్న 8 చీరలని కిందనుంచి తీసేశారు సరే, వాళ్లకి ప్రకటన చూపించడానికి అయిన ఖర్చుని పైనుంచి తీయలేదు కదా? న్యాయంగా రెండూ తీయాలి. మామూలుగా ఆ ఖర్చు విడిగా కనపడదు. పాత కస్టమర్ల నంబర్ల జాబితా ఇచ్చి వాళ్లకి ప్రకటన కనపడకుండా చేసినప్పుడే పెట్టిన ప్రతి రూపాయీ కొత్తవాళ్ల కోసమే అయిందని గట్టిగా చెప్పగలం.

ఇక ఖర్చు వైపు కూడా చూడాలి. తిరిగొచ్చిన ప్రతి పార్శిలుకీ రానూ పోనూ కొరియర్‌కి 160 రూపాయలు పోయింది. 12 పార్శిళ్లకి 1,920. దీన్ని కొందరు కస్టమర్ ఖర్చులో కలుపుతారు, కొందరు రవాణా నష్టం కింద విడిగా రాస్తారు. కలిపితే 498 అవుతుంది. ప్రకటనలు నడిపినందుకు ఇచ్చే నెల ఫీజు కూడా కలిపితే ఇంకా పెరుగుతుంది. ఫీజులూ జీతాలూ అన్నీ కలిపిన లెక్కని సీఏసీ అంటారు. ఒకరు సీపీఏ చెబుతూ ఇంకొకరు సీఏసీ చెబుతూ ఉంటే గంటసేపు వాదించుకున్నా తేలదు. పన్ను సంగతి కూడా అలాంటిదే. ప్రకటన బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, కానీ Amount spent కాలమ్‌లో అది ఉండదు. జీఎస్టీ నంబరు ఉండి, ప్రకటన ఖాతాలో అది నమోదై ఉంటే, మామూలు పద్ధతిలో పన్ను కట్టే షాపుకి ఆ మొత్తం ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుబాటు అవుతుంది. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న షాపుకి అవ్వదు. అప్పుడు ఖర్చు 18,000 కాదు, 21,240.

## 450 ఎక్కువా, తక్కువా?

ఇంతకీ ఇది నష్టమా లాభమా అనేది చీర మీద మిగులుతోనే తేలుతుంది. జీఎస్టీ పోను చీర ధర 1,800. మంగళగిరిలో కొన్న ధర 1,200. ప్యాకింగ్ 30, కొరియర్ 90, డబ్బు వసూలు ఛార్జీలు 40. మిగిలేది 440.

చేరిన 48 చీరల మీద మిగులు 21,120. అందులోంచి ప్రకటన ఖర్చు 18,000, తిరుగు పార్శిళ్ల 1,920 తీస్తే 1,200 రూపాయలు మిగిలాయి. అంటే పాతవాళ్లు కొన్న 8 చీరలు కూడా ప్రకటన వల్లే అమ్ముడయ్యాయని నమ్మితే ఈ నెల స్వల్ప లాభం. వాళ్లు ఎలాగూ కొనేవాళ్లే అనుకుంటే, 40 చీరల మిగులు 17,600 మాత్రమే ప్రకటన తెచ్చింది. అప్పుడు 2,320 రూపాయల నష్టం. ఒకే నెల, ఒకే డబ్బు. లాభమా నష్టమా అన్నది ఆ 8 చీరల గురించి ఏం నమ్ముతామన్న దాని మీద ఆగింది.

కొత్త కస్టమర్ ఒక్కసారి కొని పోతుందని ఎందుకనుకోవాలి అనేది ఇంకో వాదన. ఆ 40 మందిలో 10 మంది వచ్చే ఏడాదిలో, ప్రకటన ఖర్చు లేకుండా, ఒక్కో చీర మళ్లీ కొంటారనుకుందాం. అదనంగా 4,400 మిగులు వస్తుంది. 40 మందికి పంచితే మనిషికి 110. అప్పుడు ఒక కస్టమర్ తెచ్చేది 440 కాదు, 550. దాని ముందు 450 నిలబడుతుంది, తిరుగు పార్శిళ్లు కలిపిన 498 కూడా నిలబడుతుంది. పచ్చళ్లలాగా అయిపోగానే మళ్లీ కొనే సరుకులో ఈ వాదనకి బలం ఎక్కువ. చీరల్లో అది పండగలనీ పెళ్లిళ్లనీ బట్టి ఉంటుంది.

దీనికి ఎదురు వాదన డబ్బు చేతిలోకి వచ్చే సమయం గురించి. ప్రకటన బిల్లు ఈ నెలే కట్టాలి. నేత సరుకుకి డబ్బు ముందే ఇచ్చి ఉంటారు. మళ్లీ కొంటారనే 110 రూపాయలు ఏడాది పొడుగునా ఎప్పుడో వస్తాయి, రాకపోవచ్చు కూడా. కనీసం ఏడాది పాత బిల్లులు తిరగేసి ఎంతమంది మళ్లీ కొన్నారో లెక్కపెట్టిన షాపు ఈ అంకెని వాడుకోవచ్చు. ఊహించి రాసుకున్న షాపు దాంతో ఏ నష్టాన్నైనా లాభంగా చూపించుకోగలదు. అందుకే చిన్న పెట్టుబడితో నడిచే వ్యాపారాలకి మొదటి కొనుగోలు మీద లెక్క సరిపోవాలనే అకౌంటెంటు గారి పట్టుదల నాకు సబబుగానే తోస్తుంది.

## నాలుగు రోజుల అంకెలు ఎందుకు ఊగుతాయి

కొత్త ప్రకటన పెట్టి 200 క్లిక్కులు రాగానే "ఇది పనిచేయట్లేదు" అని ఆపేయడం మామూలుగా జరుగుతుంది. ఆ ప్రకటన నిజమైన కొనుగోలు రేటు 2 శాతమే అనుకుందాం. 200 క్లిక్కులకి సగటున 4 ఆర్డర్లు రావాలి. కానీ ఎవరు ఎప్పుడు కొంటారన్నది కొంత యాదృచ్ఛికం కాబట్టి, ప్రకటనలో ఏ మార్పూ లేకుండానే, ఒకటి నుంచి ఎనిమిది ఆర్డర్ల దాకా ఏది వచ్చినా ఆశ్చర్యం లేదు. 200 క్లిక్కులకి ఖర్చు 1,200. ఎనిమిది వస్తే ఆర్డరు ఖర్చు 150. ఒకటే వస్తే 1,200. ఒకే ప్రకటనకి ఎనిమిదింతల తేడా.

ఆర్డర్లు పెరిగేకొద్దీ ఈ ఊగిసలాట తగ్గుతుంది. ఆర్డర్ల సంఖ్యకి వర్గమూలం తీసి, దాన్ని రెట్టింపు చేసి, అంత అటూ ఇటూ వదిలిపెట్టుకోవడం ఒక మోటు లెక్క. 60కి వర్గమూలం ఎనిమిదికి కొంచెం తక్కువ, రెట్టింపు చేస్తే సుమారు 15. అంటే అవే ప్రకటనలు ఇంకో నెల 45 ఆర్డర్లు తెచ్చినా, 75 తెచ్చినా అది మామూలే. ఆర్డరు ఖర్చు 400 నుంచి 240 దాకా ఎక్కడైనా పడొచ్చు. కిందటి నెల 300, ఈ నెల 330 అని టెన్షన్ పడాల్సిన అవసరం లేదు. రీలు 500, ఫోటో 200 అన్న తేడా మాత్రం 20 ఆర్డర్లు, 40 ఆర్డర్ల మీద వచ్చింది. అంత పెద్ద తేడాని యాదృచ్ఛికం అని తోసిపుచ్చడం కష్టం.

## దసరాకి బడ్జెట్ రెట్టింపు చేస్తే

ఆర్డరు ఖర్చు 300 కాబట్టి 36,000 పెడితే 120 ఆర్డర్లు వస్తాయనుకోవడం సహజం. అలా రావు. మెటా మొదటి 18,000 రూపాయలని కొనే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్ల మీద ఖర్చు పెడుతుంది. బడ్జెట్ పెరిగితే అంత ఆసక్తి లేనివాళ్ల దాకా వెళ్లాలి, లేదా చూసినవాళ్లకే మళ్లీ మళ్లీ చూపించాలి. కొనుగోలు రేటు తగ్గుతుంది. పండగ ముందు పోటీ వల్ల క్లిక్కు ధర కూడా పెరగవచ్చు, అప్పుడు కొనే మనసుతో ఉన్నవాళ్లు కూడా ఎక్కువే ఉంటారు కాబట్టి ఈ రెండింటిలో ఏది గెలుస్తుందో ముందే చెప్పలేం.

రెట్టింపు ఖర్చుకి 96 ఆర్డర్లు వచ్చాయనుకుందాం. 36,000ని 96తో భాగిస్తే 375. మిగులు 440 కన్నా తక్కువే కాబట్టి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ అదనంగా పెట్టిన 18,000కి అదనంగా వచ్చినవి 36 ఆర్డర్లే. ఆ ఒక్కో ఆర్డరుకి 500 పడింది. మొదటి 18,000 సంపాదించిన దాన్ని రెండో 18,000 తింటోంది, సగటు మాత్రం అది కనపడనివ్వదు. ఆర్‌టీవో, పాత కస్టమర్లు తీయకముందు సంగతి ఇది. బడ్జెట్ పెంచాలా అన్న ప్రశ్నకి 375తో జవాబు దొరకదు. ఆ 500ని 440తో పోల్చినప్పుడే దొరుకుతుంది.